టీ పొడికో మీమ్: ఎలా చేయాలి, ఎక్కడ విరుగుతుంది?

టీ మీద జోకు వేయడం తేలిక. అందరూ తాగేదే, అందరికీ దాని మీద ఒక పట్టుదల ఉండేదే. ఆ తేలిక వల్లే ఏ టీ బ్రాండ్ పేజీ తెరిచినా అవే నాలుగు జోకులు తిరుగుతుంటాయి. సోమవారం పొద్దున్న టీ పడేదాకా నాతో మాట్లాడొద్దు, తలనొప్పికి టీ, వానొస్తే టీ, ప్రేమ విఫలమైనా టీ. ఇవి ఎవర్నీ నొప్పించవు, ఎవర్నీ నవ్వించవు. కింద పేరు మార్చి పక్క కంపెనీ పెట్టుకున్నా ఎవరూ గుర్తుపట్టరు.

రాజమండ్రి లాంటి ఊళ్ళో ఒక చిన్న టీ పొడి కంపెనీ ఉందనుకుందాం. కిరాణా కొట్లకు పావు కిలో ప్యాకెట్లు వేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ ఉంది, దాన్ని నడిపే పని మీకు కొత్తగా అప్పగించారు. చేతిలో ఉన్నది ఒక ఫోను. వారానికి మూడు పోస్టులు పడితే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పని: టెంప్లేట్ వెతకొద్దు, జనాన్ని వినండి

కొత్తవాళ్ళు ముందుగా చేసే పని, ఈ వారం నడుస్తున్న మీమ్ టెంప్లేట్ ఏదో చూసి, అందులో ‘టీ’ అనే మాట ఎక్కడ ఇరికించాలా అని ఆలోచించడం. ఇది తలకిందుల వ్యవహారం. మీమ్ నవ్విస్తే అది బొమ్మ గొప్పతనం కాదు, ‘అరే, మా ఇంట్లోనూ ఇంతే’ అనిపించడం వల్ల. అందుకని ముందు కావలసింది ఇళ్ళల్లో, టీ కొట్ల దగ్గర నిజంగా జరిగే చిన్న చిన్న సంగతులు. ఫోనులో ఒక నోట్ తెరిచి, వినబడినవి విన్నట్టే రాసుకోండి. సొంత భాషలోకి దిద్దకండి.

ఉదాహరణకు, చుట్టాలు గుమ్మం దాటి చెప్పులేసుకున్నాక ‘అయ్యో, టీ తాగి వెళ్ళండి’ అనడం. ‘వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం’ అన్నవాళ్ళే మూడోసారి అడగ్గానే ‘సరే, సగం కప్పు’ అనడం. ముగ్గురు కొట్టుకు పోయి రెండు టీలు చెప్పి మూడో గ్లాసు అడగడం. బిస్కెట్ సగం విరిగి గ్లాసులో మునిగితే వేలు పెట్టాలా, చెంచా అడగాలా అని చుట్టూ చూడటం. మీగడ కట్టిన టీని ఒకరు ఊది పక్కకు నెట్టడం, ఇంకొకరు దాని కోసమే ఎదురుచూడటం. టీ పెట్టమంటే ‘పాలు లేవు’ అన్న ఇంట్లోనే, అల్లుడొస్తే పాలు ప్రత్యక్షం కావడం.

వీటిలో ఒక్కటి తీసుకుందాం, చెప్పుల సంగతి. బొమ్మ ఏంటి? గుమ్మం దగ్గర ఒక కాలికి చెప్పు వేసుకున్న మనిషి, మోకాళ్ళ దాకానే. వెనకాల దూరంగా వంటిల్లు, వెలగని స్టవ్వు. బొమ్మ మీద మాట: ‘అయ్యో, టీ తాగి వెళ్ళండి!’ దాని కింద చిన్నగా: ‘స్టవ్వు: నాకెవరూ చెప్పలేదే.’ అంతే. ప్యాకెట్టు స్టవ్వు పక్కన ఉంటే చాలు. దాన్ని ముందుకు తెచ్చి మెరిపిస్తే ఇది జోకు కాదు, ప్రకటన అని చూసేవాడికి అర్థమైపోతుంది. వేలు పైకి జరిగిపోతుంది.

రెండో పని: దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి

నా లెక్కలో మొత్తం వ్యవహారంలో సగం ఇదే. ప్రతి జోకులోనూ ఎవరో ఒకరు కాస్త చిన్నబోతారు. చెప్పుల జోకులో చిన్నబోయేది మర్యాద కోసం అడిగే మనం. చూసేవాడు తనని తాను చూసుకుని నవ్వుతాడు, అమ్మకి పంపుతాడు. అదే జోకులో ఒక జిల్లా పేరు చేర్చి ‘ఫలానా వాళ్ళు ఇంతే’ అని రాయండి. ఇప్పుడు చిన్నబోయేది ఒక ఊరి మర్యాద. కామెంట్లలో మీ టీ మాట పోయి జిల్లాల పంచాయితీ మొదలవుతుంది.

టీ బ్రాండ్‌కి కొన్ని ప్రత్యేకమైన గోతులున్నాయి. వాటిలో అందరూ పడేది పెళ్ళిచూపులు. చిత్తు ప్రతి దాదాపు ఎప్పుడూ ఇలాగే వస్తుంది: ట్రే పట్టుకుని తలొంచుకున్న అమ్మాయి, అబ్బాయి మొహం వికారంగా, పైన ‘టీ బాగోలేదు, సంబంధం క్యాన్సిల్’, కింద ‘మా పొడి వాడి ఉంటే...’. రాసినవాడికి ఇది పాతకాలపు సరదా. కానీ లెక్క చూడండి. చిన్నబోతున్నది అమ్మాయి, తీర్పు చెబుతున్నది అబ్బాయి, ఆ తీర్పును సమర్థిస్తున్నది మీ కంపెనీ. పైగా ప్యాకెట్ కొనేవాళ్ళలో ఆ ట్రే ఒకప్పుడు మోసినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

సందర్భాన్ని పారేయనక్కర్లేదు, దెబ్బ దిశ మారిస్తే చాలు. పెళ్ళిచూపులకు అబ్బాయి తరఫున వచ్చే బాబాయిని తలుచుకోండి. ఆయనకి సంబంధంతో పనిలేదు, పలహారంతో పని. బొమ్మలో సోఫా ముందు బల్ల మీద ఖాళీ కప్పులు మూడు, ఒక పెద్దాయన చెయ్యి నాలుగోదాని కోసం చాపి ఉంది. మాట: ‘అబ్బాయి ఇంకా ఆలోచిస్తున్నాడు. బాబాయి మాత్రం ఒప్పేసుకున్నాడు.’ ఇప్పుడు నవ్వు బాబాయి మీద. అలాంటి బాబాయి ప్రతి ఇంట్లో ఉంటాడు, ఆయనకీ ఈ పోస్ట్ పంపితే నవ్వుతాడు. టీ బాగుందన్న మాట కూడా మీరు అనకుండానే వచ్చేసింది.

రెండో గొయ్యి, టీ అందించే పిల్లాడు. గ్లాసుల స్టాండు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే కుర్రాడి బొమ్మ మీద ముద్దు జోకులు చాలామంది వేస్తారు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని చట్టం దాదాపు పూర్తిగా నిషేధించింది. 2016 సవరణ తర్వాత కుటుంబ వ్యాపారంలో బడి వేళల బయట సాయం, బాలనటులు లాంటి కొద్ది మినహాయింపులే మిగిలాయి. టీ కంపెనీ ఆ బొమ్మని సరదాగా వాడితే బాల కార్మికత్వాన్ని ముద్దు చేసినట్టే.

మూడోది ‘చాయ్‌వాలా’ అనే మాట. 2014 ఎన్నికల ముందు కాంగ్రెస్ నాయకుడు మణిశంకర్ అయ్యర్ మోదీ మీద టీ అమ్ముకోవడం గురించి చేసిన వ్యాఖ్య, దానికి జవాబుగా బీజేపీ నడిపిన ‘చాయ్ పే చర్చా’ తర్వాత ఆ మాటకి రాజకీయ రంగు అంటుకుంది. మీరు అమాయకంగా కొట్టు యజమాని గురించి రాసినా, ఒక పక్షం పొగిడారంటుంది, ఇంకో పక్షం వెక్కిరించారంటుంది. ‘టీ కొట్టాయన’ అనండి, గొడవ లేదు.

పెద్ద కంపెనీలు కూడా ఈ లెక్క తప్పుతాయి. 2023 జూన్‌లో పర్యావరణ దినోత్సవానికి జొమాటో ఒక వీడియో వేసింది. ‘లగాన్’ సినిమాలో కచ్రా అనే పాత్ర ఉంది. హిందీలో కచ్రా అంటే చెత్త. చెత్తతో ఏమేం తయారుచేయవచ్చో చెప్పడానికి, ఆ పాత్ర వేసిన నటుణ్ణే బల్లగా, దీపంగా చూపించారు. తయారుచేసినవాళ్ళకి అది పేరు మీద శ్లేష. చూసినవాళ్ళకి మాత్రం సినిమాలో ఆ పాత్ర అంటరానితనం అనుభవించిన దళితుడన్న సంగతి ముందు గుర్తొచ్చింది. ఒక మనిషిని వస్తువుగా కూర్చోబెట్టారన్నది కనిపించింది. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసిచ్చింది, కంపెనీ వీడియో తీసేసింది. సినిమా నుంచి మాట తీసుకుంటే, ఆ పాత్ర ఎవరు, కథలో అతనికి ఏం జరిగింది అనేది కూడా దాని వెంటే వస్తుంది.

మూడో పని: బొమ్మ మీ సొంతం కావాలి

తెలుగు మీమ్ అనగానే బ్రహ్మానందం మొహం కళ్ళ ముందుకొస్తుంది. మీ స్నేహితుల గ్రూపులో ఎంతైనా వాడుకోండి. కంపెనీ పేజీలో పెట్టిన మరుక్షణం అది ప్రకటన అవుతుంది. సినిమా ఫొటో మీద హక్కు నిర్మాతది. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోని మినహాయింపులు సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు పనికొస్తాయి గాని టీ పొడి అమ్ముకోవడానికి పనికిరావు. నటుడి మొహం మీద నటుడికీ హక్కుంది. 2023లో ఢిల్లీ హైకోర్టు అనిల్ కపూర్ పేరుకీ, గొంతుకీ, ఆయన ‘ఝకాస్’ అనే తీరుకీ కూడా రక్షణ ఇచ్చింది.

క్రీడాకారుల సంగతీ ఇంతే. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం గెలిచాక పలు బ్రాండ్లు తమ లోగోతో అభినందనల పోస్టులు వేశాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ వాటిలో కొన్నింటికి లీగల్ నోటీసులు పంపింది. ‘అభినందించడం కూడా తప్పేనా’ అని కొందరు నొచ్చుకున్నారు. నాకైతే సంస్థ మాటే సబబనిపిస్తుంది. ఆమె బొమ్మ పక్కన మీ ప్యాకెట్టు ఉంటే అది అభినందన ముసుగేసుకున్న ఉచిత ప్రచారం. భారత ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి కూడా అనుమతి లేకుండా వ్యక్తుల్ని ప్రకటనల్లో వాడకూడదనే అంటుంది.

ఈ అడ్డంకి నిజానికి మేలే చేస్తుంది. ఒక కిటికీ పక్క బల్ల, రెండు గాజు గ్లాసులు, స్టీలు గిన్నె, వడకట్టే జల్లెడ, బంధువుల చేతులు, కాళ్ళు. వీటితోనే ఏడాది నడిపించవచ్చు. మొహం లేకపోతే చూసేవాడు తన ఇంట్లో మనిషి మొహం తగిలించుకుంటాడు. పాటల విషయంలోనూ ఒక మాట: ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార ఖాతాలకు సినిమా పాటల భండారం సాధారణంగా పూర్తిగా తెరుచుకోదు. వ్యక్తిగత ఖాతా నుంచి పాట తగిలించి దొడ్డిదారిన తేవద్దు. పాలు పొంగే చప్పుడు రికార్డ్ చేసుకోండి, టీ రీల్‌కి దాన్ని మించింది లేదు.

నాలుగో పని: మాట కుదించడం, అచ్చు కుదరడం

బొమ్మ మీద పది పన్నెండు మాటలు దాటకూడదు. మొదటి వాక్యం అందరూ ఊహించేది, రెండోది మెలిక. మెలికలో నవ్వించే మాట చివర్న రావాలి. ‘బాబాయి మాత్రం ఒప్పేసుకున్నాడు’ అన్నదాన్ని ‘ఒప్పుకున్నది మాత్రం బాబాయి, ఎందుకంటే టీ బాగుంది’ అని రాసి చూడండి, జోకు చచ్చిపోతుంది. వివరించాల్సి వస్తే ఆ జోకు పక్కన పెట్టేయండి. యాస కూడా ఒక్కటే ఉండాలి. గోదావరి మాటలో మొదలుపెట్టి తెలంగాణ మాటలో ముగిస్తే ఇద్దరికీ ఎబ్బెట్టే. మీకు పుట్టుకతో రాని యాసలో జోకు రాయాలంటే, ఆ యాసలో పుట్టినవాళ్ళ చేత రాయించండి. లేకపోతే అది యాసను వెక్కిరించినట్టు వినబడుతుంది.

సైజు 1080×1350 పెట్టుకుని, అక్షరాలు మధ్యభాగంలో ఉంచండి, పేజీ గళ్ళలో అంచులు తెగినా మాట తెగదు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన రామభద్ర లాంటి దిట్టమైన ఖతి ఫోను తెర మీద బాగా కనబడుతుంది. ఇంగ్లీషుకి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి సరిపోదు. ‘స్టవ్వు’, ‘కప్పు’ లాంటి మాటల ఒత్తులు కింది వరుస గుణింతాల మీద కూర్చుంటాయి. ఎడం కొంచెం పెంచండి. కంప్యూటర్‌లో పాత ఫోటోషాప్ వాడుతుంటే, ఒత్తులు విడిపోయి కనబడినప్పుడు Preferences లోని Type విభాగంలో `World-Ready Layout` ఎంచుకోవాలి. తర్వాత ఆ బొమ్మని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, చెయ్యి చాచి దూరం నుంచి చదవండి. చదవగలిగితే సరే.

ఐదో పని: సగానికి కోసి చూడండి

మీరు పెట్టిన పోస్ట్ మీరు పెట్టినట్టే ప్రయాణించదు. బొమ్మ ఒక దారిన, క్యాప్షన్ ఒక దారిన పోతాయి. ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు, కింద మీరు రాసుకున్న సర్దుబాటు మాట అందులో ఉండదు.

2021 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, బ్రిటన్‌లో బర్గర్ కింగ్ ‘ఆడవాళ్ళ చోటు వంటిల్లే’ అనే అర్థం వచ్చే ట్వీట్ పెట్టింది. దాని కిందే మరో ట్వీట్‌లో, హోటళ్ళలో మహిళా షెఫ్‌లు తక్కువగా ఉన్నారనీ, వాళ్ళకి స్కాలర్‌షిప్ ఇస్తున్నామనీ రాసింది. మొత్తం చదివితే మంచి మాటే. కానీ జనానికి చేరింది మొదటి ముక్క. అదే రోజు క్షమాపణ చెప్పి తీసేశారు.

ఇది టీకి కూడా జరిగింది, మన దేశంలోనే. 2019 మార్చిలో, కుంభమేళా సమయంలో, రెడ్ లేబుల్ ఒక చిన్న చిత్రం విడుదల చేసింది. కొడుకు ముసలి తండ్రిని జనంలో వదిలేసి వెళ్ళబోతాడు, మనసు మారి వెనక్కి వస్తాడు. చిత్రంలో ఒక కొడుకు కథే ఉంది. దాన్ని పంచుకుంటూ హిందుస్థాన్ యూనిలీవర్ రాసిన ట్వీట్ మాత్రం, కుంభమేళా అంటే ముసలివాళ్ళని వదిలేసే చోటు అన్నట్టు చెప్పింది. ఒక మనిషి తప్పు కాస్తా కోట్లమంది యాత్రికుల అలవాటుగా మారిపోయింది. బహిష్కరణ పిలుపులు వచ్చాయి, ఆ మాటలు మార్చాల్సి వచ్చింది. ఇది హాస్యం కాదు, సెంటిమెంటు. అయినా క్యాప్షన్ రాసేవాళ్ళు నేర్చుకోవలసినది ఇందులోనే ఎక్కువ ఉంది. ‘ఒకడు’ అనాల్సిన చోట ‘అందరూ’ అని పడితే బొమ్మ ఎంత బాగున్నా కాపాడలేదు.

కాబట్టి పోస్ట్ చేసేముందు మూడుసార్లు చూడండి: బొమ్మ ఒక్కటే, క్యాప్షన్ ఒక్కటే, తర్వాత రెండూ కలిపి. మూడింట్లో ఏది విడిగా పోయినా మీరు నిలబడగలగాలి. ఆపైన ఆఫీసుతో సంబంధం లేని ఇద్దరికి చూపించండి. వాళ్ళలో ఒకరు మీకంటే ఇరవై ఏళ్ళు పెద్ద అయితే మంచిది. ‘బాగుందా?’ అని అడగొద్దు, మర్యాదకి బాగుందంటారు. ‘ఇందులో ఎవర్ని చూసి నవ్వుతున్నాం?’ అని అడగండి. వాళ్ళు చెప్పిన మనిషి మీరనుకున్న మనిషి కాకపోతే, పోస్ట్ ఇంకా తయారవలేదు.

ఆరో పని: వేసే వేళ

టీ పోస్ట్‌కి సహజమైన వేళ మధ్యాహ్నం మూడున్నర, నాలుగు. తర్వాత మీ పేజీ చూసేవాళ్ళు ఎప్పుడు తెరుస్తున్నారో ఇన్‌సైట్స్ చూసి సర్దుకోండి. ఐక్యరాజ్యసమితి గుర్తించిన అంతర్జాతీయ టీ దినోత్సవం మే 21. పాత తేదీ డిసెంబరు 15 ఇంకా చాలా క్యాలెండర్లలో తిరుగుతోంది, చూసుకోండి.

ముందే షెడ్యూల్ చేసి పెట్టడంలో ఒక ప్రమాదముంది, అదీ టీ వాళ్ళకే ఎక్కువ. వాన మీద జోకులు మన సరుకు: ‘వాన, బజ్జీ, టీ’. జూన్‌లో రాసుకుని సెప్టెంబరుకి పెట్టేస్తాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉంది. జనం మేడల మీద కూర్చుని మంచినీళ్ళ కోసం ఎదురుచూశారు. అలాంటి రోజు ‘ఇంకా గట్టిగా పడనీ, మా టీ ఉందిగా’ అనే పోస్ట్ దానంతటదే పడితే ఏ వివరణా పనికిరాదు. అందుకని వాన పోస్టుల్ని షెడ్యూల్ చేయకుండా చిత్తుగానే ఉంచి, పొద్దున వార్తలు చూసి చేత్తో వేయండి. మిగతావి షెడ్యూల్ చేసుకున్నా, ఒక్క నొక్కుతో అన్నీ ఆపగల మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. మీరు సెలవులో ఉన్నప్పుడు పేజీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది?

ఏడో పని: కామెంట్లు, విరిగినప్పటి సంగతి

లైకులు చూసి పొంగిపోకండి. మీమ్‌కి అసలు కొలత ఎంతమంది ఇంకొకరికి పంపారన్నది. కామెంట్లలో ఒకరు ఇంకొకరి పేరు తగిలించి ‘నువ్వే’ అంటుంటే దెబ్బ సరైన చోట పడింది. నవ్వు మొహాల మధ్య ఎవరైనా పొడుగ్గా ఒక పేరా రాస్తే, ఒక్కరే అయినా సరే, అది పూర్తిగా చదవండి. కొత్తవాళ్ళు దాన్నే ముందు దాచేస్తారు.

కామెంట్‌కి చమత్కారంగా జవాబివ్వడం వేరే విద్య. 2020 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థికమంత్రి రిషి సునాక్ యార్క్‌షైర్ టీ సంచితో ఫొటో పెట్టారు. కంపెనీకి అందులో ప్రమేయం లేకపోయినా, కోపమొచ్చినవాళ్ళు కంపెనీని తిట్టడం మొదలుపెట్టారు. ఆగకుండా తిడుతున్న ఒకావిడకి వాళ్ళు ‘మీరు అరుస్తున్నది టీ మీదండీ’ అన్న ధోరణిలో జవాబిచ్చారు. లోకమంతా నవ్వింది. అది పండటానికి కారణం, తప్పు నిజంగానే కంపెనీది కాదు. తప్పు మీదైనప్పుడు అదే ధోరణి చూపిస్తే పొగరు. మీ తప్పు లేకపోయినా, ఒక మనిషి పేరు పట్టుకుని వేల మంది ముందు చమత్కరిస్తే ఆ వేల మందీ ఆ మనిషి మీదకి పోతారు. నేనైతే పేరు లేకుండా విడిగా ఒక పోస్ట్ వేయమంటాను.

ఇక జోకు విరిగితే? ‘సరదాకి అన్నాం’ అనొద్దు, ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అని కూడా అనొద్దు. ఆ ‘ఉంటే’లో మీరింకా నమ్మలేదన్నది బయటపడుతుంది. ఆ పెళ్ళిచూపుల చిత్తు ప్రతి పొరపాటున బయటికి వెళ్ళిపోయిందనుకోండి. చెప్పాల్సింది ఇంతే: ‘నిన్నటి మా పోస్ట్ పెళ్ళిచూపుల్లో అమ్మాయిని చిన్నబుచ్చింది. అది తప్పు. తీసేశాం. క్షమించండి.’ ఎక్కడ పోస్ట్ పెట్టారో అక్కడే, అదే ఖాతాలో, అదే భాషలో పెట్టండి. చప్పుడు చేయకుండా తీసేస్తే స్క్రీన్‌షాట్లు మీ బదులు మాట్లాడతాయి. క్షమాపణ కింద వచ్చే కామెంట్లకి వాదన వద్దు, బూతులు తప్ప ఏదీ దాచొద్దు. మిగిలిన షెడ్యూల్ ఆ వారానికి ఆపేసి, తర్వాతి పోస్ట్ జోకు లేకుండా వేయండి. కప్పు నీళ్ళకి ఎంత పొడి, ఎంతసేపు మరగాలి, పాలు ఎప్పుడు పోయాలి, అలాంటిది ఏదైనా సరే.